బట్ట ఆయుష్షు, సైజు ఆయుష్షు: పిల్లలకు ఎంత పెద్ద బట్టలు కొనాలి?

పిల్లల బట్టల షాపులో కాసేపు నిలబడితే చాలు, "ఇంకో సైజు పెద్దది చూపించండి" అన్న మాట పది నోళ్ల నుంచి వినపడుతుంది. ఎదిగే పిల్ల కదా, రెండేళ్లయినా రావద్దా అని. మా అమ్మదీ అదే మాట. నేను మా అమ్మాయికి సరిపడా టీషర్ట్ తీస్తే, "ఒంటికి అతికించినట్టు కొంటావేంటే, నాలుగు నెలల్లో పొట్టైపోదూ" అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ లెక్క అన్ని బట్టలకూ వర్తించదు. కొన్నింటి విషయంలో పెద్ద సైజు కొనడం పొదుపు కాదు, దండగ. మరికొన్నింటి విషయంలో అసలు సైజు పెంచే పద్ధతే వేరు.

నా లెక్క ఇది. ప్రతి బట్టకూ రెండు ఆయుష్షులుంటాయి. ఒకటి బట్టది. ఎన్ని ఉతుకులు తట్టుకుంటుందన్నది. రెండోది సైజుది. పిల్ల ఒంటికి ఎన్నాళ్లు పడుతుందన్నది. రోజూ వాడే టీషర్ట్‌నే తీసుకోండి. వారానికి రెండుసార్లు వేసినా ఏడాదికి వంద ఉతుకులు దాటతాయి. మామూలు బనియన్ బట్ట టీషర్ట్ వంద ఉతుకులకు మెడ సాగి, రంగు వెలిసి, ఇంట్లో తప్ప బయటికి పనికిరాకుండా పోతుంది. దాన్ని రెండు సైజులు పెద్దది కొంటే మొదటి ఏడాదంతా భుజాలు జారుతూనే వేసుకోవాలి. సరిగ్గా ఒంటికి పట్టే వేళకు బట్ట అయిపోతుంది. రెండేళ్లు వస్తుందనుకున్నది నిజానికి ఒక్క రోజు కూడా సరిగ్గా పట్టలేదన్నమాట.

పండగ బట్టలది దీనికి పూర్తిగా ఎదురు. పట్టు లంగా ఏడాదికి ఐదారుసార్లు వేస్తారు, ఉతకడం దాదాపు ఉండదు. బట్ట పదేళ్లయినా చెక్కుచెదరదు గానీ సైజు ఏడాదికే అయిపోతుంది. అక్కడ సైజు ఆయుష్షును లాగి బట్ట ఆయుష్షుకు దగ్గర చేయాలి. పొదుపు ఉన్నది అక్కడే. మనం చేసేది మాత్రం తిరగేసి. రోజువారీ టీషర్ట్ రెండు సైజులు పెద్దది కొంటాం. వేలు పోసి కుట్టించే లంగాను "చక్కగా ఫిట్‌గా ఉండాలి" అని ఒంటికి సరిగ్గా కుట్టిస్తాం.

సైజు గురించి మాట్లాడాలంటే ముందు పిల్లలు ఎలా ఎదుగుతారో చూడాలి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న బిడ్డ మొదటి ఏడాదిలోనే దాదాపు 25 సెంటీమీటర్లు పొడవవుతుంది. రెండో ఏడు 12, మూడో ఏడు 8 లేదా 9. ఆ తర్వాత ఎదుగుదల నెమ్మదించి ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్ల మధ్య నిలకడగా సాగుతుంది. మళ్లీ పరుగు అందుకునేది యుక్తవయసు మొదలయ్యాకే. అంటే "పిల్లలు ఇట్టే పెరిగిపోతారు" అన్న మాట రెండేళ్ల లోపు పిల్లలకు నిజం, నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా అంత నిజం కాదు. మన భయం మాత్రం అన్ని వయసులకూ ఒకటే.

ట్యాగ్ మీద ఉండే వయసు ఇంకో తిరకాసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో నాలుగేళ్లు నిండిన ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు 102.7 సెంటీమీటర్లు. కానీ 94 ఉన్న పిల్లా ఆరోగ్యంగానే ఉండొచ్చు, 111 ఉన్న పిల్లా ఆరోగ్యంగానే ఉండొచ్చు. ఆ ఇద్దరి మధ్యా 17 సెంటీమీటర్ల తేడా. ఇద్దరికీ ఒకే "4 ఇయర్స్" ట్యాగ్ ఎలా సరిపోతుంది? యూరప్ పద్ధతిలో సైజు అంటే నేరుగా పిల్ల ఎత్తే. 92, 98, 104, 110 అంటూ ఆరేసి సెంటీమీటర్ల మెట్లు. ఇక్కడ దొరికే చాలా బ్రాండ్లు కూడా వయసు కింద చిన్న అక్షరాల్లో ఈ అంకె వేస్తాయి. వయసు వదిలేసి దాన్ని చూడండి. చిన్న షాపుల్లో ఉండే 16, 18, 20 నంబర్లను మాత్రం నమ్ముకోకండి, ఒక్కో తయారీదారుడిది ఒక్కో కొలత. అలాంటి చోటికి వెళ్లేటప్పుడు ఇప్పుడు ఒంటికి బాగా పట్టే గౌనో చొక్కానో సంచిలో పెట్టుకెళ్లి, కొత్తదాని మీద పరచి చూడటమే మంచి పద్ధతి. భుజం, చంకల మధ్య వెడల్పు, పొడవు, ఈ మూడూ చూస్తే చాలు. షాపువాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

పిల్లలు పొడవు పెరిగినంతగా లావు పెరగరు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఎత్తు 98 నుంచి 104కు వచ్చేసరికి ఛాతీ పెరిగేది ఒకటి రెండు సెంటీమీటర్లే. అదే నడుము నుంచి మడమ దాకా సుమారు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. అందుకే ప్యాంట్లు బిగుతు కాకముందే పొట్టైపోతాయి. రెండు సైజులు పెద్దది కొన్నప్పుడు మనకు కావలసిన పొడవుతో పాటు, అక్కర్లేని భుజం వెడల్పు, మెడ వెడల్పు కూడా వస్తాయి. పిల్లకు కావలసింది వదులు బట్ట కాదు, పొడవు పెంచుకోగలిగిన బట్ట.

కాబట్టి రోజువారీ బట్టలకు నేను పాటించేది ఒకే ఒక సైజు పెద్దది. గోడకు మడమలు ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి ఎత్తు కొలుస్తాను. పిల్ల 102 ఉంటే 104 కాకుండా 110 తీసుకుంటాను. ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు పెరిగే వయసు కాబట్టి మొదట్లో కాస్త పొడవుగా ఉండి, చివరికి సరిపోతుంది. ఈలోగా బట్ట కూడా తన పని అయిందనిపించుకుంటుంది. చేతులు ఒక మడత మడవాల్సి వస్తే ఫర్వాలేదు. భుజం కుట్టు మాత్రం చేతి మీదికి రెండు వేళ్ల కన్నా జారకూడదు, మెడ ఒక పక్కకు జారి భుజం బయటపడకూడదు. అవి జారుతుంటే ఆ సైజు వద్దు. లోదుస్తులు, రాత్రి పడుకునే బట్టలు మాత్రం ఉన్న సైజువే. పడుకునే బట్టలు ఎందుకో తర్వాత చెబుతాను.

ఏడాది లోపు పిల్లలకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ రెండు మూడు నెలలకొక సైజు దాటిపోతుంది. పుట్టినప్పటి సైజువి ఎంత తక్కువ కొంటే అంత మేలు, ఎలాగూ బారసాలకు వచ్చినవాళ్లంతా అవే తెస్తారు. మీరు కానుక తీసుకెళ్లేటట్టయితే వయసు కన్నా ముందు కాలం చూడండి. ఏప్రిల్‌లో పుట్టిన బిడ్డకు ఊలు స్వెటర్ ఇవ్వాలనుకుంటే ఆ బిడ్డకు చలి తగిలేది డిసెంబరులో. అప్పటికి ఎనిమిది నెలలు, పొడవు 70 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. మూడు నెలల సైజు స్వెటర్ ఎంత ముద్దుగా ఉన్నా అది నేరుగా బీరువాలోకే పోతుంది.

రోజువారీ బట్ట ఎన్నాళ్లు మన్నుతుందో షాపులోనే చాలావరకు తేల్చుకోవచ్చు. మెడ పట్టీని రెండు చేతులతో లాగి వదలండి, వెంటనే తిరిగి దగ్గరకు రావాలి. అలలు అలలుగా ఉండిపోతే పది ఉతుకుల్లో వేలాడుతుంది. చొక్కా తిరగేసి పక్క కుట్టును రెండు వైపులా లాగి చూడండి. కుట్టు మధ్య నుంచి వెలుతురు కనపడితే, పిల్ల మోకాళ్ల మీద పాకినప్పుడు ముందు విడిపోయేది అదే. బట్టను లైటుకు ఎదురుగా పట్టి వేళ్లు స్పష్టంగా కనపడుతున్నాయేమో చూడండి. ఒకే పొర అల్లిక ఉన్న పలుచటి బట్ట కన్నా రెండు వైపులా ఒకేలా నున్నగా ఉండే ఇంటర్‌లాక్ అల్లిక ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది. ఖరీదు కాస్త ఎక్కువే, కానీ దాన్ని తమ్ముడో చెల్లెలో కూడా వేసుకోగలరు. ఛాతీ మీద రబ్బరులా మందంగా ఉండే బొమ్మ ప్రింటును నేను వదిలేస్తాను. బట్ట బాగానే ఉన్నా బొమ్మ పగిలి పెచ్చులూడుతుంది, పిల్లలు ఆ చొక్కా ముట్టుకోరు. కాటన్ అల్లిక బట్ట మొదటి ఉతుకులో పొడవు కాస్త తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. వందకు ఐదు వంతులు తగ్గినా 40 సెంటీమీటర్ల చొక్కా రెండు సెంటీమీటర్లు పోయినట్టే. ఒక సైజు పెద్దది కొనడానికి ఇదీ ఒక కారణం.

ఇక పండగ బట్టలు. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. డబ్బు ఎక్కువ పోయేదీ, తెలివి ఎక్కువ పనికొచ్చేదీ ఇక్కడే.

మా అమ్మ తరంలో ఆడపిల్లల పట్టు లంగాలకు అంచు పైన రెండు మూడు అడ్డ మడతలుండేవి. చూసేవాళ్లకు అదొక అలంకారం. అసలు సంగతి ఏమిటంటే ఏడాదికొక మడత విప్పుతారు. ఇప్పుడు ఆ మడతలు పాతకాలపు వ్యవహారమై మాయమయ్యాయి. నా దృష్టిలో పిల్లల బట్టల్లో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇప్పటికీ రాలేదు.

లెక్క వేసి చూద్దాం. నాలుగేళ్లు నిండిన పిల్ల, ఎత్తు 102, నడుము నుంచి మడమ దాకా 58 సెంటీమీటర్లు. ఏడేళ్లకు ఎత్తు 120 దగ్గరకు వస్తుంది. లంగా పొడవు ఏడాదికి నాలుగు చొప్పున 12 పెరిగి 70 కావాలి. మడత లోతు రెండు సెంటీమీటర్లయితే అది మింగే బట్ట నాలుగు, అంటే ఒక ఏడాది పెరుగుదల. అలాంటివి మూడు వేయించుకుంటే మూడేళ్లు. నడుము దగ్గర పట్టీకీ బొందుకీ, కింద మడవడానికీ కలిపి ఇంకో ఆరు. మొత్తం 76 సెంటీమీటర్ల ఎత్తు బట్ట కావాలి.

ఈ అదనపు బట్టకు వేరే డబ్బు పెట్టాలా? మామూలుగా అక్కర్లేదు. పట్టు బట్ట పన్నా సాధారణంగా 44 అంగుళాలు, అంటే 112 సెంటీమీటర్లు. అంచు కిందికి వచ్చేలా అడ్డంగా తిప్పి కుడతారు కాబట్టి మనం కొన్న రెండున్నర మీటర్ల పొడవు లంగా చుట్టుకొలత అవుతుంది, పన్నా లంగా ఎత్తు అవుతుంది. నాలుగేళ్ల పిల్లకు టైలర్ 64 సెంటీమీటర్ల దగ్గర కత్తిరించి పైముక్క తీసేస్తాడు. మనం అడిగేది ఆ కత్తెరను 12 సెంటీమీటర్లు పైన పెట్టమనే. అప్పుడు కూడా 36 సెంటీమీటర్ల వెడల్పున రెండున్నర మీటర్ల పొడవైన పీలిక మిగులుతుంది. నాలుగేళ్ల పిల్ల జాకెట్టు అందులోనే వస్తుంది, కింద లోపలికి ఒక ఐదు సెంటీమీటర్లు మడిచి పెట్టుకోవడంతో సహా. పన్నా తక్కువున్న చేనేత బట్ట అయితే మాత్రం ముందే కొలిపించుకోండి.

జాకెట్టుకు కావలసింది పక్క కుట్ల దగ్గర మార్జిన్. పిల్ల ఛాతీ ఇప్పుడు 55 అయితే, మూడేళ్లలో ఓ ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంది. పక్క కుట్లు రెండు. ఒక్కో కుట్టులో ముందు ముక్క, వెనక ముక్క. మొత్తం నాలుగు పొరలు. ఒక్కో పొరకు రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం లోపల వదిలిస్తే, ఒక సెంటీమీటరు కుట్టుకు ఉంచుకుని మిగతా ఒకటిన్నర విప్పుకోవచ్చు. నాలుగు పొరలకు ఆరు. సరిగ్గా కావలసినంత.

టైలర్ దీనికి ఒప్పుకోడు. మా వీధిలో మాస్టారితో ప్రతిసారీ ఇదే వాదన.

"అంగుళం మార్జిన్ వదిలితే చంక దగ్గర లావుగా వస్తుందమ్మా, ఫిట్టింగ్ పోతుంది" అంటాడు.

"పోనీ మాస్టారూ, పిల్లే కదా. లోపల మార్జిన్‌ను లైనింగ్‌కి పట్టించి కుట్టండి, గుచ్చుకోకుండా ఉంటుంది" అంటాను.

అతను చెప్పేది అబద్ధం కాదు. లావుగానే వస్తుంది. అందుకే చంక మలుపు దగ్గర మాత్రం మార్జిన్ కాస్త తగ్గించి, కింద పూర్తిగా ఉంచమంటాను. ఇంకో చోట చాలామంది దెబ్బతింటారు. పై బట్టకు మార్జిన్ ఉంటుంది, లైనింగ్‌కు ఉండదు. రెండేళ్ల తర్వాత విప్పితే పట్టు వదులవుతుంది, లోపలి గుడ్డ పట్టేసుకుంటుంది. లైనింగ్‌కూ అంతే మార్జిన్ ఉంచాలని కత్తెర పడకముందే చెప్పాలి. లైనింగ్ గుడ్డ కాటన్ మల్ కాబట్టి దాన్ని ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి ఇవ్వాలి. లేదంటే తర్వాత అది ముడుచుకుని పై పట్టును ముడతలు పెడుతుంది. పట్టును మాత్రం నానబెట్టకూడదు.

చేతులు బుట్ట చేతులైతే పెరుగుదలకు ఎక్కువ చోటుంటుంది. బిగుతు చేతులు ముందుగా దెబ్బతీస్తాయి. నిజానికి ఎంత మార్జిన్ పెట్టినా మూడేళ్ల తర్వాత ఆపేది చంక దగ్గరి గుండ్రమే. అది పక్క కుట్టు విప్పితే కాస్తే పెరుగుతుంది. పిల్ల చేతులు పైకెత్తినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లేస్తుంటే ఆ జాకెట్టు పని అయినట్టు. అప్పటికి లంగా బాగానే ఉంటుంది కాబట్టి దాని మీదికి వేరే రంగు జాకెట్టు కుట్టిస్తే ఇంకో ఏడాది నడుస్తుంది.

మడతలతో ఒక చిక్కు ఉంది, దాచను. విప్పాక ఆ చోట గీత పడి ఉంటుంది. పైన పొడి కాటన్ గుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీ చేస్తే మడత గీత చాలావరకు పోతుంది గానీ పట్టులో సూది రంధ్రాలు అలాగే కనపడతాయి. అందుకే మడతలకు సన్న సూది, పెద్ద కుట్టు వాడమనాలి. రెండు వరుసలు బలంగా కుట్టాల్సిన పని లేదు, వాటి మీద ఏ బరువూ పడదు. అప్పటికీ గీత కనపడితే దాని మీద సన్న జరీ లేసు వేయించుకుంటే సరిపోతుంది.

మగపిల్లలకు ఇంత అవకాశం లేదు, అయినా కొంత ఉంది. కుర్తా పైజామాలో పైజామాకు కింద మూడంగుళాలు లోపలికి మడిపించి చేతి కుట్టు వేయిస్తే రెండేళ్లు వస్తుంది. కుర్తా పొట్టైతే పొట్టి కుర్తాలా బాగానే ఉంటుంది. స్కూల్ ప్యాంటు కొనేటప్పుడు కాళ్ల దగ్గర లోపల ఎంత మడిచారో తిప్పి చూడండి. రెడీమేడ్ యూనిఫామ్‌లో చాలాసార్లు అర అంగుళమే ఉంటుంది. నడుము పట్టీ లోపల కాజాలున్న ఎలాస్టిక్, దానికి పక్కన బొత్తం ఉన్న రకం దొరికితే వదలకండి. అది ఉన్న ప్యాంటును ఒక సైజు పెద్దది ధైర్యంగా కొనొచ్చు.

ఇప్పుడు భద్రత. దీన్ని వేరే విషయంలా చూస్తారు గానీ, సైజుకూ భద్రతకూ సంబంధం ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పిల్లల కాటన్ పైజామాలకు వేలాడే పసుపు ట్యాగ్ చూసే ఉంటారు. ఈ బట్ట ఒంటికి పట్టి ఉండాలి, వదులు బట్ట త్వరగా అంటుకుంటుంది అని దాని సారాంశం. అక్కడి చట్టం ప్రకారం తొమ్మిది నెలలు దాటిన సైజు నుంచి 14వ సైజు దాకా పిల్లలు పడుకునే బట్టలు ఒకటి మంటను తట్టుకునే రకమై ఉండాలి, లేదా ఒంటికి బిగుతుగా ఉండాలి. వదులు బట్టకూ ఒంటికీ మధ్య గాలి ఉంటుంది, అంచు ఎటో ఊగుతుంటుంది. మంట దగ్గరికి ముందు వెళ్లేది ఆ అంచే, అంటుకున్నాక త్వరగా పాకడానికి సాయం చేసేది ఆ గాలే. అక్కడివాళ్లు పైజామా రెండు సైజులు పెద్దది కొంటే ఆ ట్యాగ్‌కు అర్థమే లేదు.

మనకు ఈ సంగతి దీపావళి రోజు అక్కరకొస్తుంది. నెట్ గౌన్లు, సింథటిక్ లెహంగాలు అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. కాటన్ కూడా కాలుతుంది, త్వరగానే కాలుతుంది, కానీ కరిగి అతుక్కోదు. కాబట్టి ఆ సాయంత్రం కాటన్ ఒక్కటే చాలదు, ఒంటికి సరిపడే కాటన్ కావాలి. వేలాడే చేతులు, చున్నీ వద్దు. పట్టు అని అమ్మినది పట్టేనా అన్న అనుమానం ఉంటే అంచు నుంచి జరీ లేని ఒక పోగు లాగి, పళ్లెంలో పెట్టి కాల్చి చూడండి. పట్టు పోగు కాలిన వెంట్రుక వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కాటన్ కాగితం కాలిన వాసన. సెమీ పట్టు అని చెప్పే చాలా బట్టల్లో మిగిలేది ఆ పూసే.

పొడవు లంగా బండి చక్రంలో పడే ప్రమాదం గురించి వేరే చెప్పనక్కర్లేదు. మడమ దాటి నేలకు తాకే లంగా వేసి బండి మీద కూర్చోబెట్టకండి. టోపీ చొక్కాలకు మెడ దగ్గర ఉండే తాడు కూడా అలాంటిదే. జారుడుబల్ల సందులో ఆ తాడు ఇరుక్కుని పిల్లలు చనిపోయాకే అమెరికా భద్రతా సంస్థ 1996లో దాని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడి షాపుల్లో ఇంకా అలాంటివి దొరుకుతూనే ఉన్నాయి. కొన్నాక తాడు లాగేసి పారేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

రంగుల విషయంలో జనం భయపడేది ఒకటి, చేయాల్సింది ఇంకొకటి. క్యాన్సర్ కారకాలుగా మారగల కొన్ని అజో రంగులను మన దేశం 1990ల్లోనే నిషేధించింది. అయినా చిన్న అద్దకం పనివాళ్ల దగ్గర ఏ రంగు వాడారో మనం చూసి చెప్పలేం. తడి తెల్ల చేతిరుమాలుతో బట్టను రుద్ది చూడటం మంచి అలవాటు. కానీ దాని హద్దు తెలుసుకోవాలి. రంగు అంటుకుంటే అది సరిగ్గా పట్టని రంగు అని తెలుస్తుంది, విషమో కాదో తెలియదు. చప్పరించే వయసు పిల్లలకు సరిగ్గా పట్టని రంగు వద్దు అనడానికి అంత మాత్రం చాలు. ఇంకా గట్టి భరోసా కావాలంటే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్ర చూడండి. అందులో మూడేళ్ల లోపు పిల్లల బట్టలకు ఒకటో తరగతి అని అన్నింటికన్నా కఠినమైన విభాగం ఉంది. లాలాజలానికీ చెమటకూ రంగు దిగకూడదన్నది అందులో ఒక షరతు. ముద్ర కింద నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నంబరు లేని ముద్రకు విలువ లేదు. "ఆర్గానిక్ కాటన్" అన్న ఒక్క మాటకు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. అది పత్తి ఎలా పండించారో చెబుతుంది, ఏ రంగు అద్దారో చెప్పదు.

కొత్త బట్టల మీద ముడత పడకుండా, గట్టిగా నిలబడేలా పూసే పూతలుంటాయి. కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కొత్త బట్ట ఘాటు వాసన కొన్నిసార్లు దానిదే. ఉతికితే చాలావరకు పోతుంది. ఈ కారణం తెలియకుండానే మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో కొత్త బట్ట వేయరు, పాత నూలు చీర చింపి వాడతారు, లేదా వేరే పిల్లలు వేసినవి వేస్తారు. వందల ఉతుకులు పడిన ఆ నూలులో పూతా ఉండదు, దిగే రంగూ ఉండదు, కుట్టూ ఉండదు. ఈ అలవాటును మూఢనమ్మకం అని తీసేసి కొత్త సెట్లు కొనేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. సాక్సులు, చేతి తొడుగులు మాత్రం తిరగేసి చూడండి. లోపల వదులుగా ఉన్న దారం పసిబిడ్డ వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేసిన ఘటనలు వైద్యులకు తెలిసినవే. బిడ్డ కారణం లేకుండా ఏడుస్తుంటే సాక్సు విప్పి వేళ్లు చూడమని వాళ్లు చెప్పేది అందుకే.

ఈ పాత బట్టల పద్ధతిలో నిజంగా ప్రమాదమైనది ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బీరువాలో దాచేటప్పుడు వేసే నాఫ్తలీన్ ఉండలు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పసిబిడ్డకైతే కామెర్లు తీవ్రమవుతాయి. ఈ లోపం మన దేశంలో అరుదైనదేమీ కాదు, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు కూడా. అక్క పిల్లల బట్టలు అట్టపెట్టెలో ఉండలు వేసి దాచి, చెల్లెలి కాన్పుకు తీసి అలాగే తొడగడం ఎంత మామూలు విషయమో ఆలోచించండి. అలాంటి బట్టలు చేతికొస్తే ఒక ఉతుకుతో ఊరుకోకండి. వేడి నీళ్లలో ఉతికి, ఆరుబయట గాలికి రోజుల తరబడి ఆరేసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన బొత్తిగా రానప్పుడే వాడండి. వాసన వదలకపోతే ఆ బట్ట బిడ్డకు వద్దు. దుప్పట్లు, టోపీలు కూడా అంతే.

దాచేది మీరే అయితే పని తేలిక. గంజి పెట్టకుండా ఉతికి, పూర్తిగా ఆరాక, పాత నూలు చీర గుడ్డలో మూట కట్టి, పైన సెంటీమీటర్లలో సైజు రాసిన చీటీ పెట్టండి. వయసు రాయకండి. ఎండిన వేపాకు వేస్తే వేయండి. పట్టు లంగాను మడతలన్నీ విప్పి, వేరే వరుసలో మడిచి, ఆరు నెలలకొకసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్లు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. జాకెట్టు పక్క మార్జిన్ ఇంకా మిగిలి ఉంటే ఆ చీటీ మీదే రాయండి, ఎంత విప్పొచ్చో తర్వాత తీసుకునేవాళ్లకు తెలుస్తుంది.